వాయిదా ఆదాయం (చందా సాఫ్ట్‌వేర్)

వాయిదా ఆదాయం (డిఫర్డ్ రెవెన్యూ) అంటే, వినియోగదారుడు ముందుగానే చెల్లించినా, అందుకు ప్రతిఫలంగా ఇవ్వవలసిన సేవ ఇంకా ఇవ్వనందువలన ఆదాయంగా చూపడానికి వీలులేని సొమ్ము. దీనిని *అనార్జిత ఆదాయం* అని కూడా అంటారు. వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలో కనిపించే "ముందుగా వచ్చిన ఆదాయం" ఇదే. ఆస్తి అప్పుల పట్టికలో ఇది అప్పుల వైపు ఉంటుంది. ఏడాది చందాను ఒకేసారి వసూలు చేసే సాఫ్ట్‌వేర్ సంస్థల లెక్కలలో దీనికి ముఖ్యమైన స్థానం ఉంది. బ్యాంకులో పడిన సొమ్ము ఎంత, సంపాదించిన సొమ్ము ఎంత అన్న ప్రశ్నలకు వేరువేరు సమాధానాలు ఉంటాయని ఈ ఖాతా తెలియజేస్తుంది.

## మూలభావన

ఈ పద్ధతి సాఫ్ట్‌వేరుతో పుట్టినది కాదు. వారపత్రికకు ఏడాది చందా కట్టిన పాఠకునికి ప్రచురణకర్త యాభై రెండు సంచికలు బాకీ పడతాడు. మొదటి సంచిక పంపగానే బాకీలో యాభై రెండవ వంతు తీరుతుంది, ఆ మేరకే చందా సొమ్ము ప్రచురణకర్త సంపాదన అవుతుంది. మధ్యలో పత్రిక ఆగిపోతే మిగిలిన సంచికల సొమ్ము పాఠకునికి తిరిగి ఇవ్వవలసినదే. అందుచేత సంచికలు పంపనంతవరకు ఆ సొమ్ము అప్పుగానే లెక్క.

చందా సాఫ్ట్‌వేరులో సంచికలకు బదులు కాలం ఉంటుంది. ప్రోగ్రామును తన సర్వర్లపై నడుపుతూ, వినియోగదారుని సమాచారాన్ని భద్రపరుస్తూ, ఏడాది పొడవునా అందుబాటులో ఉంచడమే సంస్థ ఇచ్చే సేవ. సేవ ప్రతిరోజూ సమానంగా అందుతుంది కాబట్టి ఆదాయాన్ని కూడా కాలంతో పాటు సమానంగా గుర్తిస్తారు. మన దేశంలో పెద్ద కంపెనీలకు 2018 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 అనే గణక ప్రమాణం ఈ బాకీని "ఒప్పంద బాధ్యత" అని పేర్కొంటుంది. ఆ ప్రమాణం వర్తించని చిన్న సంస్థలు పాత ఏఎస్ 9 ప్రమాణాన్ని పాటిస్తాయి. ఏడాది చందా విషయంలో రెండూ ఒకే ఫలితాన్ని ఇస్తాయి.

## చిట్టాపద్దులు

సంవత్సరానికి 12,000 రూపాయల చందాను ఒక వినియోగదారుడు అక్టోబరు 1న ఒకేసారి చెల్లించాడనుకుందాం. పన్నును ప్రస్తుతానికి పక్కన పెడితే ఆ రోజు వ్రాయవలసిన పద్దు ఇది:

* బ్యాంకు ఖాతా (డెబిట్) 12,000
* వాయిదా ఆదాయం ఖాతాకు (క్రెడిట్) 12,000

ఈ పద్దులో ఆదాయం అన్న మాట ఉన్నా లాభనష్టాల ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా చేరలేదు. ఒక ఆస్తి పెరిగింది, దానితో సమానంగా ఒక అప్పు పెరిగింది. తరువాత ప్రతి నెలాఖరున మరొక పద్దు వ్రాస్తారు:

* వాయిదా ఆదాయం ఖాతా (డెబిట్) 1,000
* చందా ఆదాయం ఖాతాకు (క్రెడిట్) 1,000

మార్చి 31 నాటికి ఆరు నెలలు గడిచాయి కాబట్టి ఆ ఆర్థిక సంవత్సరపు ఆదాయం 6,000 రూపాయలు. మిగిలిన 6,000 అప్పుల వైపు నిలిచి, మరుసటి సంవత్సరపు ఆదాయంగా మారుతుంది. చందా నెల మధ్యలో మొదలైతే రోజుల లెక్కన విభజిస్తారు. ఉదాహరణకు అక్టోబరు 18న మొదలైన చందాకు ఆ నెలలో 14 రోజులే వస్తాయి. 12,000ను 365తో భాగించి 14తో గుణిస్తే సుమారు 460 రూపాయలు ఆ నెల ఆదాయం.

## ఒక సంవత్సరపు ఉదాహరణ

ఒక్క వినియోగదారుని లెక్కలో ఈ భేదం చిన్నదిగా కనబడుతుంది. సంస్థ పెరుగుతున్నప్పుడే దాని ప్రభావం పూర్తిగా తెలుస్తుంది. నరసాపురంలో లేసు ఎగుమతిదారులకు సరకు లెక్కల సాఫ్ట్‌వేరును అద్దెకిచ్చే ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. అది ఏప్రిల్ 1న ప్రారంభమై, ప్రతి నెలా ఒకటవ తేదీన పదిమంది కొత్త వినియోగదారులను చేర్చుకున్నది. ఏడాది చివరకు 120 మంది అయ్యారు. ఒక్కొక్కరి చందా ఏడాదికి 12,000, అంటే నెలకు 1,000 రూపాయలు. సంస్థ ఖర్చు నెలకు 75,000, అంటే ఏడాదికి 9,00,000 రూపాయలు.

ఏప్రిల్‌లో చేరిన పదిమందికి మార్చి నాటికి పన్నెండు నెలల సేవ అందింది. మేలో చేరినవారికి పదకొండు నెలలు, చివరగా మార్చిలో చేరినవారికి ఒక్క నెల. పన్నెండు నుండి ఒకటి వరకు కూడితే 78. దీనిని పదిమందితో, 1,000 రూపాయలతో గుణిస్తే ఆ సంవత్సరం ఆర్జించిన ఆదాయం 7,80,000 రూపాయలు. వినియోగదారులు ఏడాది చందాను ముందుగా కట్టినా, నెలనెలా కట్టినా ఈ సంఖ్య మారదు. మారేదల్లా బ్యాంకు నిల్వ, వాయిదా ఆదాయం మాత్రమే.

| అంశం (రూపాయలలో) | ఏడాది చందా ముందుగా | నెలసరి చందా |
|---|---|---|
| వసూలైన నగదు | 14,40,000 | 7,80,000 |
| ఆర్జించిన ఆదాయం | 7,80,000 | 7,80,000 |
| ఖర్చులు | 9,00,000 | 9,00,000 |
| లాభం లేక నష్టం | నష్టం 1,20,000 | నష్టం 1,20,000 |
| నగదు మిగులు లేక లోటు | మిగులు 5,40,000 | లోటు 1,20,000 |
| మార్చి 31 నాటి వాయిదా ఆదాయం | 6,60,000 | లేదు |

రెండు పద్ధతులలోనూ సంస్థకు వచ్చిన నష్టం ఒక్కటే. అయితే నెలసరి చందా వసూలు చేసే యజమానికి ఆ నష్టం బ్యాంకు ఖాతాలో వెంటనే తెలుస్తుంది, 1,20,000 రూపాయలు ఎక్కడినుండైనా తేవలసి వస్తుంది. ఏడాది చందా తీసుకున్న యజమానికి మాత్రం ఖాతాలో 5,40,000 రూపాయలు మిగిలి కనబడతాయి. ఆయన దానిని లాభమని భావించి సొంతానికి వాడుకుంటే, వినియోగదారుల సొమ్మునే వాడుకున్నట్లవుతుంది. ఎందుకంటే ఆ రోజున ఆయన వారికి 6,60,000 రూపాయల విలువైన సేవ బాకీ ఉన్నాడు.

మరుసటి ఏడాది కొత్తవారెవరూ చేరలేదని, పాతవారెవరూ చందాను పునరుద్ధరించలేదని అనుకుందాం. మార్చిలో చేరినవారికి ఇచ్చిన మాట ప్రకారం సేవను ఫిబ్రవరి వరకు నడపాలి. ఖర్చు తగ్గకుంటే పదకొండు నెలలకు 8,25,000 రూపాయలు కావాలి. చేతిలో ఉన్నది 5,40,000 మాత్రమే, కొత్తగా వచ్చే నగదు ఏమీ లేదు. లాభనష్టాల ఖాతాలో మాత్రం ఆ ఏడాది 6,60,000 రూపాయల ఆదాయం కనబడుతూనే ఉంటుంది. కనుక ముందుగా వచ్చిన నగదును చూసి లాభమనుకోవడం ఎంత పొరపాటో, గుర్తించిన ఆదాయాన్ని చూసి చేతిలో నగదు ఉందనుకోవడం కూడా అంతే పొరపాటు.

## జీఎస్టీ

ఆదాయాన్ని నెలనెలా గుర్తించినా, వస్తు సేవల పన్ను మాత్రం అలా వాయిదా పడదు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 13వ సెక్షను ప్రకారం సేవల విషయంలో ఇన్‌వాయిస్, సొమ్ము చెల్లింపులలో ఏది ముందైతే అప్పుడే పన్ను బాధ్యత ఏర్పడుతుంది (ఇన్‌వాయిస్‌ను నిర్ణీత గడువులో ఇచ్చినప్పుడు). జీఎస్టీలో నమోదైన సంస్థ 12,000 రూపాయల చందాపై 18 శాతం చొప్పున 2,160 కలిపి 14,160 వసూలు చేస్తే, ఆ 2,160 మొత్తాన్నీ ఆ కాలపు రిటర్నుతోనే చెల్లించాలి. వాయిదా ఆదాయం ఖాతాలో చేరవలసినది పన్ను తీసివేసిన 12,000 మాత్రమే. పన్నును కూడా కలిపి పన్నెండు భాగాలు చేస్తే ఆదాయం ఎక్కువగా కనబడుతుంది.

## అడోబీ ఉదాహరణ

ఒకేసారి అమ్మే పద్ధతి నుండి చందా పద్ధతికి మారినప్పుడు లెక్కలు ఎలా మారతాయో అమెరికా సంస్థ అడోబీ చరిత్రలో చూడవచ్చు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యాడు. ఆయన నేతృత్వంలో అడోబీ 2012లో క్రియేటివ్ క్లౌడ్ అనే చందా సేవను ప్రారంభించింది. ఇకపై క్రియేటివ్ సూట్ కొత్త వెర్షన్లను శాశ్వత లైసెన్సుగా అమ్మబోమని 2013 మే నెలలో ప్రకటించింది.

అంతకు ముందు మాస్టర్ కలెక్షన్ అనే పూర్తి పెట్టె ధర 2,599 డాలర్లు. అమ్మిన త్రైమాసికంలోనే దాదాపు ఆ సొమ్మంతా ఆదాయంగా కనబడేది. చందాలో నెలకు సుమారు 50 డాలర్లు మాత్రమే ఆదాయం. అందువలన వినియోగదారులు పెరుగుతున్నా 2012లో 440 కోట్ల డాలర్లుగా ఉన్న వార్షిక ఆదాయం 2013లో సుమారు 406 కోట్లకు తగ్గింది. అదే సమయంలో వాయిదా ఆదాయం సుమారు 62 కోట్ల నుండి 83 కోట్లకు, 2014 చివరకు 116 కోట్ల డాలర్లకు పెరిగింది. 2015లో ఆదాయం 480 కోట్లకు చేరింది. 2013లో ఆదాయం అంకెను ఒక్కదానినే చూసినవారికి సంస్థ క్షీణిస్తున్నట్లు తోచేది. అప్పుల వైపు పెరుగుతున్న ఈ ఖాతాను కూడా చూసినవారికి పరిస్థితి మరొక విధంగా అర్థమయ్యేది.

## పరిమితులు

వాయిదా ఆదాయం భవిష్యత్తు ఆదాయమంతటినీ చూపదు. ఏడాది ఒప్పందం చేసుకుని నెలనెలా చెల్లించే వినియోగదారుడు రాబోయే నెలలకు కట్టుబడి ఉన్నా, ఆ సొమ్ము ఇంకా అందలేదు, చెల్లింపు గడువు కూడా రాలేదు. కనుక అది ఈ ఖాతాలో కనబడదు. అడోబీ వినియోగదారులలో చాలామంది ఇటువంటివారే. అలాగే సంస్థ నెలసరి నుండి ఏడాది చందాకు మారితే, ఒక్క కొత్త వినియోగదారుడు లేకపోయినా ఈ ఖాతా పెరుగుతుంది. ఆ పెరుగుదలను వ్యాపార వృద్ధి అనలేము.

చందాకు, లైసెన్సుకు కూడా భేదం పాటించాలి. వినియోగదారుని సొంత కంప్యూటరులో స్థాపించి వాడుకునే ప్రోగ్రాము లైసెన్సు ఆదాయాన్ని సాధారణంగా అప్పగించి, వాడుకునే హక్కు మొదలైనప్పుడే గుర్తిస్తారు. దానితో పాటు ఏడాదిపాటు ఇచ్చే మద్దతు సేవ విలువను మాత్రం విడదీసి కాలమంతటా పంచుతారు. ఈ విభజనలో తప్పు జరిగితే ఫలితం తీవ్రంగా ఉంటుంది. అమెరికాకు చెందిన మైక్రోస్ట్రాటజీ సంస్థ సేవలతో ముడిపడిన ఒప్పందాల ఆదాయాన్ని ముందుగానే చూపినట్లు తేలడంతో, 2000 మార్చిలో తన పాత లెక్కలను సవరిస్తున్నట్లు ప్రకటించింది. ఒక్కరోజులోనే దాని వాటా ధర సగానికి పైగా పడిపోయింది.

## తప్పులను గుర్తించడం

నెలవారీ ఆదాయ పట్టికలో వసూళ్లు ఎక్కువగా వచ్చిన నెలలలోనే ఆదాయం కూడా ఎగిసిపడుతుంటే, చందాను పంచకుండా ఒకేసారి ఆదాయంగా వ్రాస్తున్నారని అనుమానించవచ్చు. ఖచ్చితమైన పరీక్ష మరొకటి ఉంది. ప్రతి వినియోగదారుని చందా ప్రారంభ తేదీ, ముగింపు తేదీ, పన్ను లేని మొత్తం, మిగిలిన రోజులు ఒక పట్టికగా వ్రాసి, మిగిలిన రోజుల విలువను కూడాలి. ఆ మొత్తం ఆవర్జాలోని వాయిదా ఆదాయం నిల్వతో సరిపోవాలి. పై ఉదాహరణలో మిగిలిన కాలాన్ని నెలల లెక్కన తీసుకుంటే మార్చి 31న ఆ పట్టిక మొత్తం 6,60,000 రావాలి. రాకుంటే, చందా మధ్యలో రద్దయిన పేర్లను, సొమ్ము తిరిగి ఇచ్చిన పద్దులను, చందా కాలం మొదలుకాకుండా సొమ్ము కూడా అందకుండా ఇన్‌వాయిస్ మాత్రమే ఇచ్చి ఖాతాలోకి ఎక్కించిన మొత్తాలను ముందుగా పరిశీలించాలి.