ఒక గుడ్డు ఎంత పన్నీరు, ఎంత పప్పు, ఎన్ని పాలకు సమానం?

మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇస్తున్నారు కదా, వద్దన్నవాళ్లకు అరటిపండు. ఇన్నాళ్లూ శాకాహారంగా ఉన్న ఇళ్లల్లో కొందరు పిల్లలు "మేమూ గుడ్డు తింటాం" అంటున్నారు. తినాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం, అందులో మేము తలదూర్చము. తినిపించాలనుకుంటే మాత్రం ఒక లెక్క తెలిసి ఉండాలి: ఆ గుడ్డు ఇంట్లో దేని చోటు తీసుకోగలదు, దేని చోటు తీసుకోలేదు?

అంగట్లో దొరికే మామూలు గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఆ 6 గ్రాములే మన కొలత అనుకోండి. అంత ప్రోటీన్ పన్నీరులో రావాలంటే 33 గ్రాములు కావాలి, అంటే 200 గ్రాముల ప్యాకెట్టులో ఆరో వంతు. పాలల్లో రావాలంటే సుమారు 180 మిల్లీలీటర్లు, ఒక మామూలు గ్లాసు. కందిబేడలైతే ఉడకబెట్టక ముందు 27 గ్రాములు.

ఎక్కువమంది పొరపాటు పడేది ఈ బేడల దగ్గరే. "పప్పులో వందకు 22 గ్రాముల ప్రోటీన్, గుడ్డులో వందకు 13 మాత్రమే, కాబట్టి పప్పే గొప్ప" అంటారు. ఆ 22 పచ్చి బేడల లెక్క. ఉడికితే బేడలు నీళ్లు పీల్చుకుని మూడింతలవుతాయి, సాంబారుకు ఇంకా నీళ్లు పోస్తాము. నలుగురున్న ఇంట్లో 100 గ్రాముల బేడలు వేస్తే ఒక్కొక్కరికి వచ్చేది ఐదున్నర గ్రాములు, అదీ గరిటె అడుగుదాకా పోనిస్తేనే. పైన తేట మాత్రం పోసుకునే పిల్లవాడికి అందులో సగం కూడా రాదు. ఇంకొకటి, గుడ్డు ప్రోటీన్ దాదాపు అంతా ఒంటికి పడుతుంది, పప్పుది కొంత అరగకుండానే పోతుంది. పప్పులో తక్కువైన అంశం అన్నంలో ఉంటుంది, అన్నంలో తక్కువైనది పప్పులో ఉంటుంది. అందుకే రెండూ కలిపి తింటే ఆ లోటు చాలామటుకు తీరుతుంది. మా మాటగా చెప్పాలంటే, గుడ్డుకు బదులు పప్పు పెట్టేవాళ్లు 27 దగ్గర ఆగకుండా 35 గ్రాముల బేడలు వేసుకోవడం మేలు.

ఇప్పుడు ఏడో తరగతి చదివే పన్నెండేళ్ల అమ్మాయి ఒక రోజు తిండి చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 10 నుంచి 12 ఏళ్ల ఆడపిల్లలకు రోజుకు 33 గ్రాముల ప్రోటీన్ చెప్పింది. రెండు పూటల అన్నానికి 150 గ్రాముల బియ్యంలో 12, మూడు చపాతీల్లో 8, పప్పులో ఐదున్నర, గ్లాసు పాలల్లో ఆరున్నర, కప్పు పెరుగులో 3. మొత్తం 35. అన్నీ సరిగ్గా తింటే గుడ్డు లేకపోయినా సరిపోయింది. పప్పు తేట పోసుకుని, చపాతీ ఒకటి వదిలేసిన రోజే లోటు పడుతుంది. గుడ్డు ఉపయోగపడేది అలాంటి రోజుకే.

"గుడ్డు తింటోంది కదా" అని చాలా ఇళ్లల్లో వెంటనే పాలు ఆపేస్తారు. ప్రోటీన్ లెక్క తప్పదు: 35 కాస్తా 34న్నర అవుతుంది, అంతే. కానీ గ్లాసు పాలతో వచ్చే కాల్షియం సుమారు 240 మిల్లీగ్రాములు, గుడ్డుతో వచ్చేది 25. ఈ వయసుకు రోజుకు 850 కావాలి. పాలంటే బొత్తిగా ఇష్టం లేని పిల్లకైతే పెరుగు పెంచండి, లేదా ఒక పూట రాగిముద్ద పెట్టండి. 60 గ్రాముల రాగిపిండిలో సుమారు 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తగ్గించాలనుకుంటే పన్నీరు తగ్గించండి. దానిలో గుడ్డుకంటే కొవ్వు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

ఇక వండడం. కొత్తగా తినేవాళ్లు సాధారణంగా చెప్పే ఫిర్యాదు వాసన. నీళ్లు మరిగాక పది నిమిషాలు ఉడకనిచ్చి వెంటనే చల్లనీళ్లల్లో వేయండి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది, వాసనా పెరుగుతుంది. గీత వల్ల హాని లేదు, పిల్లలు మాత్రం ముట్టరు. పచ్చసొన తీసి పారేయకండి, ప్రోటీన్‌లో సగానికి కొంచెం తక్కువ అందులోనే ఉంది. శాకాహారులకు పాలు, పెరుగు తప్ప దొరకని బి12 ఉండేదీ దాదాపు అంతా అందులోనే. పచ్చి గుడ్డు తాగితే బలం అని స్నేహితులు చెబితే వినకండి పిల్లలూ, పచ్చిదాంట్లో ప్రోటీన్ సుమారు సగమే ఒంటికి పడుతుంది.

మొదటి రోజు సగం గుడ్డు చాలు, ఇంట్లో మీ కళ్ల ముందే పెట్టండి. పెదవులు వాచినా, ఒంటిమీద దద్దుర్లు వచ్చినా, వాంతులైనా మళ్లీ పెట్టకుండా డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. గుడ్డు పడదని తెలిస్తే క్లాస్ టీచరుకూ చెప్పండి, భోజనంలో అరటిపండు ఇస్తారు.  అరటిపండులో ప్రోటీన్ ఒక గ్రాము చిల్లరే, వేరుశనగ చిక్కీలో దానికి కొన్ని రెట్లు ఎక్కువ.