విష్కంభము లేని అంకము: ‘అన్‌టచబుల్’ నవలలో ఏకదిన నియమము

అంకమునకు ఒక దినము అవధి యని భరతుని నాట్యశాస్త్రము విధించినది. ఆ దినములో ఇమడని కథాంశమును ప్రవేశక విష్కంభముల ద్వారా సూచింపవలెను. అంకమునకును అంకమునకును నడుమ నెలయైనను, ఏడాదియైనను గడచిపోవచ్చును. కథకు బిగింపు ఎంత అవసరమో ఆ బిగింపు సడలుటకు ఒక చోటును అంతే అవసరమని శాస్త్రకారు డెరిగియుండెను. ఒక్క దినపు కథను నవలగా వ్రాయు రచయిత ఈ రెండవ సౌకర్యమును వదలుకొనుచున్నాడు. అతని గ్రంథము విష్కంభము లేని ఒకే అంకము. ఇట్టి నవలలలో సంఘటనలు తక్కువగా నుండుట చేత ఒత్తిడి కలుగుచున్నదని సామాన్యముగ చెప్పుదురు. మేము దీని నంగీకరింపజాలము. ఒత్తిడికి మూలము సంఘటనల కొరత కాదు. వాని నడుమ విరామము లేకపోవుట. దీనిని ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో ఆంగ్లమున ప్రకటించిన ‘అన్‌టచబుల్’ నవల నాధారముగ గొని పరిశీలింతము.

1922లో వెలువడిన జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’ ఒక్క దినమున నడచిన బృహద్గ్రంథము. ఆనంద్ దానిని చదివినవాడే. కాని అతడు ఆ విస్తృతిని గ్రహింపలేదు. నియమమును మాత్రమే గ్రహించెను. తన వ్రాతప్రతిని సబర్మతిలో గాంధీజీకి వినిపించితి ననియు, ఆయన సలహాపై నూరు పుటలకు పైగా తొలగించితి ననియు ఆనంద్ తరువాత చెప్పుకొనెను. తొలగింపబడినవి ముఖ్యముగ కథానాయకుడు లండను పండితునివలె ఆలోచనలలో మునుగు ఘట్టములట. ఇది మన విషయమునకు మిక్కిలి ఉపకరించు సమాచారము. ఏలనన ఏకదిన నవలలో దీర్ఘాలోచనయే దొంగచాటున ప్రవేశించు విష్కంభము. పాత్ర తలపులలోనికి జారుకొన్నంతసేపు గడియారము నిలిచిపోవును. పాఠకుడు ఊపిరి పీల్చుకొనును. ఆ పుటలు పోవుటతో ఆ ఊపిరియు పోయినది.

నవలలో అధ్యాయములు లేవు. శరత్కాలపు చలి వేకువను పదునెనిమిదేండ్ల పాకీ యువకుడు బఖా మేల్కొనుట మొదలు సాయంకాలము ఇల్లు చేరబోవుట వరకు కథ తెగక నడచును. దీనిని బోధించు ఉపాధ్యాయుడు పుటల అంచున ఒక పని చేయవచ్చును: ఎండ, ఆకలి, పని వీనికి సంబంధించిన ప్రతి సూచనకు ఎదురుగ వేళను గుర్తించుకొనవలెను. అట్లు చేసినచో ప్రాతఃకాలము నుండి మధ్యాహ్న భోజనము వరకు జరిగిన కథయే దాదాపు సగము గ్రంథము నాక్రమించినదని తెలియును. ఆ సగములోనే ప్రధానమైన దెబ్బ తగులుచున్నది.

ఆ దెబ్బను కొంచెము నిదానముగ చూతము. బఖా వీథులూడ్చుటకు పోవుచు జిలేబీ కొనును. మిఠాయి అంగడివాడు పొట్లమును దూరమునుండి విసరును; అతడుంచిన నాణెములపై నీరు చల్లి తీసికొందురు. జిలేబీ రుచిలో మైమరచి, తన రాకను అరచి తెలుపవలెనన్న కట్టడిని మరచి నడచుచుండగా ఒక పెద్దమనిషిని తాకును. జనము గుమిగూడును. చుట్టు మూగినవారిలో ఒక్కడును అతనిని తాకడు. కాని ఆ వలయమును దాటిపోవుటకు అతడు మరియొకనిని తాకవలెను. కాబట్టి కదలలేడు. చివరకు ఆ పెద్దమనిషి చెంపదెబ్బ కొట్టి పోవును. తలపాగ పడిపోవును, జిలేబీ దుమ్ములో చెల్లాచెదరగును. దినమున కున్న నియమమును, అస్పృశ్యుని దేహమున కున్న నియమమును ఇచ్చట ఒక్కటైనవి. ఒకటి కాలమున కట్టిన గోడ, మరియొకటి స్థలమున కట్టిన గోడ.

ఇక విరామము సంగతి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922)ని దీని ప్రక్క నుంచి చూచినచో భేదము స్పష్టమగును. అందు చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు మరణించును. ఆ ఒక్క దెబ్బకు ఫలితములు సంవత్సరముల పొడవున విస్తరించును: రామదాసు కుటుంబము చెదరుట, వెంకటదాసు దోపిడి దండుకు నాయకుడగుట మున్నగునవన్నియు ఆ విస్తృతిలోనివే. దుఃఖము మార్గమును వెదకుకొనుటకు అచ్చట కాలమున్నది. బఖా చెంపదెబ్బకు అట్టి కాలము లేదు. ఆ దెబ్బకు సమాధానము వెదకుటకు ముందే దేవాలయము వచ్చును; మెట్లెక్కి కిటికీలోనుండి లోనికి తొంగిచూచినందుకు మైలపడితిమని గగ్గోలు పుట్టును. ఆ గగ్గోలులోనే చెల్లెలు సోహిని, పూజారి కాళీనాథుడు తనపై చేసిన అత్యాచారయత్నమును చెప్పును. ఎత్తిన చేయి దించుకొని ఆమెను ఇంటికి పంపిన తోడనే ఆమెకు బదులుగ రొట్టె లడుగుకొనుటకు పోవలెను. అవమానించినవారి ఇండ్ల వాకిళ్లలోనే అన్నమున కరవవలెను. ఈ రెండింటి నడుమ ఒక రాత్రి గడచినదని ఊహించి చూడుడు. కథ యథాతథముగ నుండును, ఒత్తిడి మాత్రము మాయమగును.

మధ్యాహ్నము మేడపైనుండి విసరబడిన రొట్టె ఇంటికి చేరును. బఖా బుట్టలో చేయి పెట్టగా తడిసి జిగటయైన ముక్క తగిలి వెగటు పుట్టును, తినలేక లేచును. చెంపదెబ్బపై అతడు చేయగలిగిన వ్యాఖ్య యంతయు ఆ వెగటులో నున్నది. ఆ సమయముననే తండ్రి లఖా పూర్వవృత్తాంత మొకటి చెప్పును: బాల్యమున బఖాకు జబ్బు చేసినపుడు తాను హకీము నెట్లు వేడుకొన్నదియు, మొదట తిట్టిన హకీము చివరకు ఇంటికి వచ్చి ప్రాణము నిలిపినదియు. నవలలో గతమునకు లభించిన పెద్దచోటు ఇదియే. లఖా ఆయుర్దాయమంత పొడవైన కాలములో ఆలోచించుచున్నాడు. అందు పెద్దవారి కోపమునకు పిమ్మట దయ వచ్చుటకు వ్యవధి యున్నది. కొడుకునకు ఆ ఉదయము మాత్రమే యున్నది. అందుచేత తండ్రి మాట అబద్ధము కాకపోయినను కొడుకునకు పనికిరాదు.

అపరాహ్ణమున హవల్దారు చరత్‌సింగు ఉదయమిచ్చిన మాట నిలుపుకొని క్రొత్త హాకీ కఱ్ఱ నిచ్చును. ఒక్కసారి బిగువు సడలినట్లుండును. కాని ఆటలో రాళ్లు రువ్వుకొనగా చిన్నపిల్లవాడు గాయపడును. బఖా వానిని ఎత్తుకొని ఇంటికి చేర్చును. తల్లి బిడ్డను అంటుకొన్నందుకే తిట్టును. ఉదయము పొరపాటున తాకినందుకు దెబ్బ, సాయంకాలము జాలితో తాకినందుకు తిట్టు. కొన్ని గంటల యెడములో నుండుటచేతనే ఈ రెండవది మొదటిదానిని మరల రగుల్కొల్పుచున్నది. దినమంతయు పని ఎగవేసినందుకు తండ్రియు ఇంటినుండి వెడలగొట్టును.

తరువాతి భాగమును గూర్చి విమర్శకులు ఆక్షేపించియున్నారు. క్రైస్తవ మతప్రచారకుడు కర్నల్ హచిన్సన్, గాంధీజీ సభ, నీటితో శుభ్రపడు మరుగుదొడ్డిని గూర్చి ప్రసంగించు కవి వరుసగ ప్రత్యక్షమగుదురు. పాత్ర తనలో తాను ఎదుగుటకు దినము చాలదు. కావున మార్పు బయటినుండి రావలెను. ఇది ఈ నియమమునకు గల సహజమైన లోపము. అయినను మువ్వురును సమానముగ విఫలులని మేము తలపము. హచిన్సన్ ఘట్టము నిలుచును. బఖాకు అతని పాటలు అర్థము కావు, దొరసాని గద్దింపునకు బెదరి పారిపోవును, అనగా ఒత్తిడి ఇంకను అతనిదే. కవి ప్రసంగమున మాత్రము బఖా వినువాడుగ ప్రక్కకు తొలగిపోవును. ఇతరుల వాదములో ఆ యంత్రమును గూర్చిన మాట అతని చెవిని పడునంతే. అంతవరకు అతని చర్మముపై నడచిన కథ అచ్చట సభావేదిక యెక్కినది. పరిశోధక విద్యార్థి వేళల పట్టికను ఆ చోట గమనించినచో, ఎండ, ఆకలి సూచనలు పలుచబడుట చూడగలడు.

కడపట బఖా తాను విన్నదంతయు తండ్రికి చెప్పవలెనని ఇంటి దారి పట్టును. ఆ తండ్రియే కొలది గంటల క్రిందట అతనిని గెంటివేసినాడు. తలుపు తెరువబడినదో లేదో నవల చెప్పదు. ఆ దినమునకు అప్పటికే ప్రొద్దు క్రుంకినది.