వైఫై పాస్‌వర్డ్ షేరింగ్ (ఆండ్రాయిడ్)

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సేవ్ అయి ఉన్న వైఫై పాస్‌వర్డ్‌ను, పైకి చదివి చెప్పే పని లేకుండా, పక్కనున్న మరో ఫోన్‌కు అందించే సదుపాయం ఇది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్‌లోనే భాగంగా ఉంది కాబట్టి వేరే యాప్ అక్కర్లేదు. షియోమీ వంటి కొన్ని కంపెనీలు అంతకుముందే తమ ఫోన్లలో ఇలాంటిది పెట్టాయి. మిగతా ఫోన్లలో సేవ్ అయిన పాస్‌వర్డ్ సిస్టమ్ ఫైళ్లలో దాగి ఉండేది. రూట్ చేస్తే తప్ప ఫోన్ సొంతదారుకే కనిపించేది కాదు. ఇంటికి చుట్టాలొస్తే రౌటర్‌ను తిరగేసి అడుగున స్టిక్కర్ మీది సన్నక్షరాలు చదవడమో, నెట్ పెట్టి వెళ్లినతనికి ఫోన్ చేయడమో తప్పేది కాదు.

పిక్సెల్ వంటి ఫోన్లలో దారి ఇలా ఉంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఇంటర్నెట్ తెరిస్తే కనెక్ట్ అయి ఉన్న వైఫై పేరు పక్కన పళ్ల చక్రం గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి షేర్ ఎంచుకోవాలి. వెంటనే ఫోన్ వేలిముద్ర గానీ పిన్ గానీ అడుగుతుంది. లాక్ తీసి ఉన్న ఫోన్ ఎవరి చేతికో చిక్కినా వాళ్లు పాస్‌వర్డ్ చూడకుండా ఈ అడ్డు పెట్టారు. అది దాటాక తెర మీద క్యూఆర్ కోడ్, దాని కింద పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో వస్తాయి. శామ్‌సంగ్ ఫోన్లలో కనెక్షన్స్, ఆ తర్వాత వైఫై తెరవాలి. షియోమీ ఫోన్లలో కనెక్ట్ అయిన వైఫై పేరును నొక్కితే సరిపోతుంది. పాస్‌వర్డ్ అక్షరాల్లో కనిపించడం మాత్రం అన్ని కంపెనీల ఫోన్లలో ఒకేలా ఉండదు.

అవతలి ఫోన్ కెమెరాను ఆ కోడ్ వైపు చూపిస్తే కనెక్ట్ చేయమంటారా అని అడుగుతుంది. కెమెరా పట్టుకోకపోతే వైఫై జాబితా చివర, కొత్త నెట్‌వర్క్ చేర్చే వరుసలో ఉన్న చిన్న స్కానర్ గుర్తును నొక్కాలి. ఐఫోన్ కెమెరా కూడా ఈ కోడ్‌ను చదువుతుంది. వచ్చినవాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉన్నా పని జరగడానికి కారణం, ఆ నలుపు తెలుపు గళ్లలో ఉన్నది ఆండ్రాయిడ్ సొంత సంకేతం కాకపోవడమే. అందులో ఉన్నది ఒక్క వరుస అక్షరాలు. ఇంటి వైఫై పేరు Sri Nilayam, పాస్‌వర్డ్ Godavari;24 అనుకుంటే కోడ్‌లో ఉండేది ఇది:

```
WIFI:S:Sri Nilayam;T:WPA;P:Godavari\;24;H:false;;
```

S దగ్గర నెట్‌వర్క్ పేరు, T దగ్గర భద్రతా పద్ధతి, P దగ్గర పాస్‌వర్డ్. నెట్‌వర్క్ పేరు జాబితాలో కనపడకుండా దాచి ఉంటే H దగ్గర true అని ఉంటుంది. ఒక్కో భాగం ఎక్కడ ముగిసిందో సెమీకోలన్ చెబుతుంది. మరి పాస్‌వర్డ్‌లోనే సెమీకోలన్ ఉంటే? దాని ముందు బ్యాక్‌స్లాష్ గీత పెట్టాలి; ఫోన్ ఆ పని తానే చేసుకుంటుంది. ఇంటి గోడకు అంటించుకుందామని ఈ వరుసను చేత్తో టైప్ చేసి క్యూఆర్ కోడ్ చేయించుకునేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. గీత మరచిపోతే అవతలి ఫోన్ పాస్‌వర్డ్‌ను Godavari దగ్గరే ఆపేస్తుంది. వైఫై పాస్‌వర్డ్‌కు కనీసం ఉండాల్సిన 8 అక్షరాలు అందులో సరిగ్గా ఉన్నాయి కనుక ఫోన్ దాన్ని అనుమానించదు. కోడ్ స్కాన్ అవుతుంది, కనెక్షన్ మాత్రం రాదు.

రెండో దారి క్విక్ షేర్. 2020లో నియర్‌బై షేర్ పేరుతో గూగుల్ తెచ్చిన ఈ సదుపాయం, 2024లో శామ్‌సంగ్ వాళ్ల దానితో కలిసిపోయి క్విక్ షేర్ అయింది. ఆండ్రాయిడ్ 12 నుంచి వైఫై కోడ్ కనిపించే తెర మీదే దీని బటన్ కూడా ఉంటోంది. నొక్కితే చుట్టుపక్కల ఫోన్ల పేర్లు వస్తాయి. కావలసినదాన్ని ఎంచుకుంటే అవతలివాళ్లు అంగీకరించాక పాస్‌వర్డ్ వాళ్ల ఫోన్‌లో చేరుతుంది. కెమెరా పగిలిన ఫోన్‌కు ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే రెండు ఫోన్లలోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి, అందుకునే ఫోన్ తెర వెలిగి ఉండాలి, అది ఎవరికి కనిపించాలన్న సెట్టింగ్ కూడా కుదరాలి. కొత్తగా పరిచయమైనవాళ్ల ఫోన్ పేరు రాలేదంటే చాలాసార్లు ఆ సెట్టింగ్ కాంటాక్ట్స్ వరకే ఉందని అర్థం. దాన్ని 10 నిమిషాల పాటు అందరికీ కనిపించేలా మార్చుకోవచ్చు. ఎదురుగా కూర్చున్నవాళ్లకైతే క్యూఆర్ కోడే సులువు.

స్కాన్ చేసినా కనెక్ట్ కాకపోతే ముందు చూడాల్సింది అవతలి ఫోన్‌లోని వైఫై జాబితా. అందులో నెట్‌వర్క్ పేరే లేకపోతే పాస్‌వర్డ్‌ను తప్పుపట్టి లాభం లేదు. సిగ్నల్ అందడం లేదు, లేదా ఇంటి వైఫై 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంటే ఆ పాత ఫోన్‌కు 2.4 మాత్రమే తెలుసు. రౌటర్‌లో 2.4 బ్యాండ్ కూడా ఆన్ చేసి, దాని పేరు వేరుగా ఉంటే దాన్ని విడిగా షేర్ చేయాలి. పేరు కనిపించి పాస్‌వర్డ్ సరిచూసుకోమంటే, వెళ్లింది పాత పాస్‌వర్డ్ కావచ్చు. ప్రస్తుతం కనెక్ట్ అయి ఉన్న వైఫైతో ఈ తంటా రాదు. సేవ్ అయిన నెట్‌వర్క్‌ల జాబితాలోంచి కూడా షేర్ చేయవచ్చు కనుక, పెద్దమ్మ వాళ్లింట్లో ఎప్పుడో కనెక్ట్ అయిన వైఫైని ఇప్పుడు తమ్ముడికి పంపిస్తే, మధ్యలో అక్కడ పాస్‌వర్డ్ మార్చిన సంగతి పంపే ఫోన్‌కు తెలియదు. కనెక్ట్ అయింది కానీ ఇంటర్నెట్ లేదు అని వస్తే షేరింగ్ తన పని తాను చేసినట్టే. చూడాల్సింది నెట్ లైన్‌ను.

హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఇంకో రకం తిరకాసు ఉంది. నమోదు చేసుకున్న ఫోన్లకే వైఫై ఇచ్చేచోట పాస్‌వర్డ్ సరైనదే అయినా కొత్త ఫోన్ లోపలికి రాదు. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్‌కు బదులు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తాయి. నమోదైన అడ్రస్ ఒకటి, ఫోన్ చెప్పేది మరొకటి అవుతుంది. ఆ నెట్‌వర్క్ ప్రైవసీ సెట్టింగ్‌లో అసలు అడ్రస్ వాడమని ఎంచుకుంటే తీరుతుంది. ఒక్కొక్కరికీ విడిగా యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండే యూనివర్సిటీ, కంపెనీ వైఫైలను ఈ పద్ధతిలో షేర్ చేయడం కుదరదు. రైల్వే స్టేషన్‌లో ఓటీపీ అడిగే వైఫైకి దీంతో పనే లేదు. అక్కడ దాచిన పాస్‌వర్డే ఉండదు.

భద్రత విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. క్యూఆర్ కోడ్ రూపంలో ఉంది కాబట్టి పాస్‌వర్డ్ రహస్యంగానే ఉందనుకుంటారు. పైన చూసిన వరుసలో దాచినదేమీ లేదు. ఏ స్కానర్ యాప్ అయినా దాన్ని అక్షరాలుగా చదివి పెడుతుంది. ఆ తెరను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పాస్‌వర్డ్ టైప్ చేసి పెట్టడం ఒక్కటే. దీనికి గడువు కూడా లేదు. అందుకున్న ఫోన్ దాన్ని దాచుకుంటుంది, ఇదే పద్ధతిలో మూడో ఫోన్‌కూ ఇవ్వగలదు. ఇచ్చిన ఫోన్ నుంచి దాన్ని వెనక్కి తీసుకునే బటన్ ఎక్కడా లేదు.

కాబట్టి పని మీద వచ్చి వెళ్లేవాళ్లకు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి దాని కోడ్ ఇవ్వడం మంచిది. అసలు పాస్‌వర్డే బయటికి వెళ్లిపోయి ఉంటే రౌటర్‌లో దాన్ని మార్చడమొక్కటే మార్గం. మార్చాక ఇంట్లోని టీవీకి, సీసీ కెమెరాలకు, వైఫై మీద నడిచే మిగతా అన్నిటికీ కొత్త పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వాలి.