రష్ ప్రింటు నుంచి ప్రాక్సీ దాకా

ఇంటర్నెట్ మందకొడిగా ఉండే చోట్ల పెద్ద వీడియోతో పనిచేసేవారు అసలు ఫైలును కదపరు. దానికొక తేలికపాటి నకలు తీసి, కూర్పంతా ఆ నకలుపైనే చేస్తారు. ఆ నకలు పేరు ప్రాక్సీ. ఇది కంప్యూటర్ల కాలం తెచ్చిన ఉపాయమనిపిస్తుంది గానీ, దీని మూలాలు ఫిల్ము రోజుల్లోనే ఉన్నాయి.

విశాఖ తీరంలో చిత్రించిన కె. బాలచందర్ ‘మరోచరిత్ర’ 1978లో విడుదలైంది. ఆనాటి తెలుగు సినిమాలకు ల్యాబులూ, ఎడిటింగ్ గదులూ ప్రధానంగా మద్రాసులోనే ఉండేవి. ల్యాబులో నెగెటివును కడిగి దానినుంచి రష్ ప్రింటు తీసేవారు. ఎడిటరు కత్తిరించేది, అతికించేది ఆ ప్రింటునే. నెగెటివు మీద గీత పడితే అది శాశ్వతం కనుక దానిని ముట్టేవారు కారు. నెగెటివు అంచున అడుగుకొకటి చొప్పున, అంటే 35 మి.మీ. ఫిల్ములో 16 ఫ్రేములకొకటి చొప్పున, ఒక సంఖ్య ఉంటుంది. అది ప్రింటు మీద కూడా పడుతుంది. కూర్పు ముగిశాక ఆ సంఖ్యల ఆధారంగానే నెగెటివును కోసి వరుసలో పేర్చేవారు. నకలుకూ అసలుకూ ఉన్న బంధమంతా ఆ అంచు సంఖ్యే.

1989లో ఏవిడ్ కంప్యూటర్లు వచ్చినప్పుడు, ఆనాటి డిస్కుల్లో పూర్తి నాణ్యత గల బొమ్మ పట్టేది కాదు. మసకబొమ్మతో కూర్చి, టైమ్‌కోడ్ల పట్టికను మాత్రం పైకి పంపేవారు. అంచు సంఖ్య స్థానంలోకి టైమ్‌కోడ్ వచ్చింది, పద్ధతి మారలేదు.

ఇక మన హార్బరు సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు విరామం. అటువంటి ఒక విరామంలో నేను ఫిషింగ్ హార్బర్‌లో పడవల మరమ్మతును చిత్రించాను. కూర్చవలసిన మిత్రుడు హైదరాబాదులో ఉన్నాడు. వేట మొదలైతే సరంగులూ కళాసీలూ రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. తమ పనిని సరిగా చూపామో లేదో వారు చెప్పాలంటే ఆ లోపలే చిత్రం సిద్ధం కావాలి. అప్పటికి మిగిలినవి నాలుగు రోజులు.

నా దగ్గరున్నది 2 గంటల 4కె దృశ్యం. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 90 గిగాబైట్లు. అక్కడ దొరికిన అప్‌లోడ్ వేగం సెకనుకు 4 మెగాబిట్లు. ఒక్కసారి కూడా తెగకుండా నడిచినా 50 గంటలు పడుతుంది. సెకనుకు 5 మెగాబిట్ల ప్రాక్సీ అయితే 4.5 గిగాబైట్లే, రెండున్నర గంటల పని. ఒక్కొక్క క్లిప్పుకు ఇచ్చిన ఆజ్ఞ ఇది:

```
ffmpeg -i C0012.MP4 -vf scale=-2:540 -c:v libx264 -b:v 5M -c:a aac proxy/C0012.MP4
```

ఇందులో బొమ్మ ఎత్తు 540కి తగ్గింది. ఫైలు పేరు, ఫ్రేముల వేగం, నిడివి, శబ్దపు ఛానళ్ళ సంఖ్య మారకూడదు. మారితే తరువాత అసలుతో లంకె కుదరదు, లేదా కుదిరినట్టే కనిపించి కోతలు కొద్దికొద్దిగా జరిగిపోతాయి. ఫోనుతో తీసిన దృశ్యాల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు కనుక అక్కడే ప్రమాదం ఎక్కువ. రెండు ఫైళ్ళ చివరి ఫ్రేములను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది.

ఆ 4.5 గిగాబైట్లయినా ఏకబిగిన వెళ్ళలేదు. సిగ్నలు పదేపదే తెగింది. దీనికీ పాత మందే ఉంది. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రూపొందించిన జెడ్‌మోడెమ్, ఫోనులైను తెగిన చోటనుంచే ఫైలు పంపడాన్ని కొనసాగించగలిగేది. నేను వాడిన `rsync --append-verify` చేసేదీ అదే: అవతల చేరిన భాగం తరువాతనుంచి మొదలుపెట్టి, చివర ఫైలు మొత్తం సరిపోయిందో లేదో చూస్తుంది. యూట్యూబుకు పంపే ప్రోగ్రాములు కూడా తెగిన తరువాత ఎన్ని బైట్లు అందాయో సర్వరును అడిగి, ఆ పై బైటునుంచి మొదలుపెట్టగలవు.

ప్రాక్సీకి ఒక పరిమితి ఉంది. దానిలో ఫోకస్ తేలదు. 540 గీతల్లో స్ఫుటంగా కనిపించినది 4కెలో మసకగా ఉండవచ్చు. అందుకే మిత్రుడు వల ముడి వేసే 20 సెకన్ల దృశ్యాన్ని మాత్రం అసలు రూపంలో అడిగాడు. అది 250 మెగాబైట్లు, ఎనిమిది నిమిషాల పైచిలుకు పని. తక్కిన కూర్పంతా అతని దగ్గరనుంచి నాకు ఒక చిన్న ప్రాజెక్టు ఫైలుగా వచ్చింది. ఇక్కడ నేను దానిని అసలు క్లిప్పులకు కలిపి తుది చిత్రం తీశాను.

జూన్ 13న జెట్టీ మీద ఒక పెద్దవయసు సరంగు దానిని చూసి అన్నాడు: “ముందు పలకల సందులు నూలు కొట్టి మూస్తాం బాబూ, ఆ తరవాతే రంగు. ఇందులో రంగు ముందొచ్చేసింది.” మిత్రుడికి ఫోను చేస్తే రెండు ముక్కలను అటూ ఇటూ మార్చి పంపాడు. ఆ దిద్దుబాటు బరువు కొన్ని వందల కిలోబైట్లు. హార్బరులో ఉన్న ఆ బలహీనమైన సిగ్నలు దానికి చాలింది.