బొమ్మ ఎవరి చేతిలో ఉంది?

బొమ్మ చూపించి కథ చెప్పడం తెలంగాణకు కొత్త విద్య కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద వరస వరసగా బొమ్మలు వేసి, పొడవాటి పటాన్ని తయారుచేసేవాళ్లు. దాన్ని విప్పుకుంటూ కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు వాళ్ల కులకథ చెప్పేవాళ్లు. ముందు వరసలో కూర్చునేది ఎప్పుడూ పిల్లలే. రాక్షసుడి బొమ్మ దగ్గర జడుసుకునేదీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి బొమ్మ దగ్గర ఏడ్చేదీ వాళ్లే. అయితే పటం మీద కర్ర పెట్టి చూపించే అధికారం కథకుడిది. “నీకెట్ల అనిపించింది?” అని పిల్లల్ని అడగడం ఆ కథ పనిలో భాగం కాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల చిన్నపిల్లలు కలిసి ఆడే ఒక బొమ్మల కార్డుల ఆట కోసం, పిల్లల మనసులోని మాటను బొమ్మల సాయంతో బయటికి తెచ్చే ప్రయత్నాల చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే, నాకు ముఖ్యంగా కనిపించే ప్రశ్న ఒకటే. ఆ బొమ్మ ఎవరి చేతిలో ఉంది? చాలాకాలం అది పెద్దవాళ్ల చేతిలోనే ఉంది.

చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల్లో, జంతువుల్లో భావప్రకటన గురించి పుస్తకం రాసినప్పుడు ముఖాల ఫొటోలను ఆధారంగా వాడుకున్నాడు. దాదాపు నూరేళ్ల తర్వాత పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ పపువా న్యూగినీలోని ఫోరే జనం దగ్గరికి ముఖాల ఫొటోలు పట్టుకుని వెళ్లారు. ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. వాళ్లు చేసిన పని మనకు చాలా దగ్గరిది. ముందు చిన్న కథ చెబుతారు: ఒకడు ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు, ఊళ్లో ఎవరూ లేరు, చేతిలో కత్తీ విల్లూ లేవు, వాకిట్లో అడవిపంది నిలబడి ఉంది. అతని ముఖం వీటిలో ఏది? పెద్దవాళ్లకు మూడు ఫొటోలు, పిల్లలకు రెండు. సంతోషాన్నీ కోపాన్నీ చాలామంది సులువుగా పట్టుకున్నారు. కానీ భయపడ్డ ముఖాన్ని ఆశ్చర్యపోయిన ముఖం నుంచి విడదీయడం అక్కడి పెద్దవాళ్లకే సాధ్యం కాలేదు. ఈ రోజు కార్డులు గీసేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే. కళ్లు పెద్దవి చేసి నోరు తెరిచిన ముఖాన్ని ఒక్కదాన్నే ఇస్తే అది భయమో విడ్డూరమో నాలుగేళ్ల పిల్లకు తెలియదు. చుట్టూ కథ ఉండాలి.

1949లో అమెరికాలో లియొపోల్డ్ బెలాక్, సోన్యా బెలాక్ పిల్లల కోసం పది బొమ్మల పరీక్షను తెచ్చారు. బొమ్మల్లో అన్నీ జంతువులే, మనుషుల పనులు చేస్తుంటాయి. మూడు నుంచి పదేళ్ల పిల్లలు బొమ్మ చూసి కథ చెబుతారు, మానసిక నిపుణుడు ఆ కథను విని రాసుకుని అర్థం చెబుతాడు. దీనికి ఉమా చౌధురి మన దేశపు రూపం తయారుచేశారు. తనను గురించి నేరుగా చెప్పలేని పిల్ల ఎలుగుబంటి గురించి ధారాళంగా చెబుతుందని గుర్తించడం పెద్ద అడుగు. అయినా అది పరీక్షే. బొమ్మ పరీక్షించేవాడిది, కథ పిల్లది, అర్థం మళ్లీ పరీక్షించేవాడిది.

బొమ్మ పిల్లల చేతిలోకి రావడం 1970లలో మొదలైంది. రిచర్డ్ గార్డ్‌నర్ అనే మానసిక వైద్యుడు 1971లో పిల్ల ఒక కథ చెబితే తానూ అదే పాత్రలతో ఇంకో కథ చెప్పే పద్ధతి గురించి పుస్తకం రాశాడు. 1973లో మాట్లాడటం, అనుభవించడం, చేయడం అనే మూడు రకాల కార్డులతో ఒక ఆటనూ తెచ్చాడు. అంతకు కొంచెం ముందు, 1972లో, కెనడాలో జిమ్ డీకోవ్ గెలుపోటములు లేని, అందరూ కలిసి ఒక గమ్యం చేరే ఆటల్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఈ రెండు దారులూ కలిసేచోటే మన ఆట ఉంది. 2008లో ఫ్రెంచి పిల్లల మానసిక వైద్యుడు జాన్ లూయీ రుబీరా ‘డిక్సిట్’ అనే బొమ్మల కార్డుల ఆటను తెచ్చాడు. 84 కలలాంటి బొమ్మలు, ఒకరు చెప్పిన మాటకు సరిపోయే బొమ్మ వెతకడం. 2010లో దానికి జర్మనీలో ఆ ఏటి మేటి ఆట బహుమతి వచ్చింది. పెద్దలకు అది చక్కటి ఆట. ఐదేళ్ల పిల్లలకు మాత్రం అందులోని మార్కుల లెక్క అడ్డం. మార్కులు ఉన్నచోట పిల్లలు తమకు తోచింది చెప్పరు, గెలిపించేది చెబుతారు.

తెలుగులో ఈ వైపు వచ్చిన పాత జాడ ఒకటుంది. చందమామలో ఫొటో వ్యాఖ్యల పోటీ. రెండు ఫొటోలు, వాటికి జతగా కుదిరే చిన్న మాటలు పాఠకులే పంపాలి. మాట పాఠకుడిది కావడం అందులోని గొప్పదనం. కానీ అక్కడా బహుమతి ఒక్కరికే.

ఇక ఈ మూడు జిల్లాల సంగతి. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడివడ్డాయి. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద వచ్చిన అంగన్‌వాడీలే ఇక్కడ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు మొదటి బడి. అక్కడ బొమ్మ అంటే గోడమీది చార్టు, టీచర్ చేతిలోని పుల్ల. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక భావోద్వేగాల వికాసాన్ని ఒక లక్ష్యంగా రాసింది. 2023 ఫిబ్రవరిలో విడుదలైన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో కార్డులు, ఆటబొమ్మలు, కథలు వచ్చాయి. పెట్టె ఇచ్చినంత మాత్రాన బొమ్మ చేయి మారదు. పైగా పాలమూరు పిల్లల మనసుకు దాని సొంత వాతావరణం ఉంది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలోని ఆనకట్టలన్నిటికీ తెలుసు. అమ్మానాయనలు పనికి పోతే పిల్లలు నాయనమ్మ దగ్గర ఉండిపోవడం ఇక్కడ తరతరాల అనుభవం. ఇక్కడి కార్డుల్లో పసుపుపచ్చ నవ్వుముఖాలకన్నా బయలుదేరుతున్న లారీ ఒకటి తప్పకుండా ఉండాలి.

ఆట ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు 24. ఎనిమిది తావులు: సంత, బస్టాండు, చెరువుగట్టు, మగ్గం ఉన్న గది, చేను, ఇల్లు, బడి, అడవి. ఎనిమిది ప్రాణులు: మేకపిల్ల, ముసలమ్మ, కుక్క, తమ్ముడు ఇలా. ఎనిమిది జరిగేవి: తాడు తెగడం, వాన, లారీ కదలడం, ఎవరో అరవడం, అన్నం పెట్టడం, దాక్కోవడం, తలుపు మూయడం, ఎవరో తిరిగి రావడం. వీటికి తోడు ఆరు ముఖాలు విడిగా, ప్రతి పిల్లకూ ఒక్కో కట్ట. ఐదుగురు పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరికి రెండు కార్డులు. పదో కార్డు పడేలోపు మేకపిల్ల ఇల్లు చేరాలి. గెలిస్తే అందరూ గెలిచినట్టే. కార్డు వేసిన పిల్ల ఒక మాట చెబుతుంది. మేకపిల్లకు ఎట్లుందో ఎడమపక్క పిల్ల చెబుతుంది. ఇరవై నిమిషాలు దాటించకూడదు.

టీచర్ సంత కార్డు పెట్టి మొదలుపెడుతుంది: “పెబ్బేరు సంతల మేకపిల్ల ఉన్నది.” మొదటి పిల్లవాడు తాడు తెగిన కార్డు వేసి “ఉరికింది” అంటాడు. ఎట్లున్నది దానికి? పక్క పిల్ల “సంబురం” అంటుంది. ఇంకొకడు “కాదు, బుగులు” అంటాడు. ఇక్కడ తీర్పు చెప్పకూడదు. “మొదలు సంబురమై, ఎనక బుగులైందా?” అని టీచర్ అడిగితే రెండు మాటలూ కథలో ఉండిపోతాయి. తర్వాత ఒక పిల్ల లారీ కార్డు వేస్తుంది: “వాళ్లమ్మ లారీ ఎక్కి పోయింది.” ఎట్లున్నది? “కోపం.” పెద్దవాళ్లు దుఃఖం అనే మాట కోసం ఎదురుచూస్తారు. అయినా దిద్దకూడదు. “కోపమొస్తే మేకపిల్ల ఏం చేస్తది?” “మూలకు కూసుంటది. తినది.” అప్పుడే టీచర్ ఒక మాట అందిస్తుంది: “తినకుంట కూసుంటే రంది పెట్టుకున్నదంటరు మనోళ్లు.” పిల్లల నోట ఇంకా లేని మాట, ఇంట్లో వినిపించే మాట, సరిగ్గా అవసరమైన చోట దొరికింది. తర్వాత ఒకడు అన్నం కార్డు వేస్తాడు. “తినదన్నం గద” అని ఇంకొకరు అడ్డుపడతారు. చివరికి ముసలమ్మ కార్డు పడుతుంది: “పక్కన కూసుంటది. అంతే.” ఓదార్పులో ఏది పనిచేస్తుందో, ఏది పనిచేయదో పిల్లలు తమలో తాము వాదించుకోవడమే ఈ ఆటలో కలిసి ఆడటం. అందరిదీ ఒకే మేకపిల్ల కాబట్టి ఎవరి మాటనూ పక్కకు నెట్టలేరు.

చెడిపోయే చోట్లు మూడు. మొదటిది కోరస్. మొదటి పిల్ల “బాధ” అంటే వరసగా ఐదుగురూ “బాధ” అంటారు. అప్పుడు ముఖాల కార్డుల్ని బోర్లా పెట్టి, అందరూ ఒకేసారి తిప్పేలా చేయాలి. రెండోది టీచర్ తొందర. “అయ్యో, అమ్మ గుర్తొచ్చిందా బిడ్డా?” అని ఆమె అనగానే కథ ఆగి, అందరి కళ్లూ ఆ పిల్ల మీద పడతాయి. మేకపిల్ల గురించే అడగాలి, పిల్ల గురించి కాదు. అది దాటి రావాలనిపిస్తే పిల్లే వస్తుంది. మూడోది బరువైనది. ఎవరో కొట్టారని, తలుపు మూసి ఏదో చేశారని పిల్ల చెబితే ఆటలో తవ్వకూడదు. కథను మెల్లగా ముగించి, తర్వాత ఒంటరిగా విని, బాలల సహాయ నంబరు 1098కు చెప్పాలి. ఈ కార్డులు రోగ నిర్ధారణకు కావు. ఒక పిల్ల నాలుగుసార్లు నల్లటి కథ చెప్పిందని దాని మీద తీర్మానం చేయడం పాత పరీక్షను సగం చదువుతో మళ్లీ తెచ్చుకోవడమే.

వయసు పరిమితి కూడా ఉంది. మూడేళ్ల పిల్లకు చాలావరకు మంచిగున్నది, మంచిగలేదు అనే రెండే ఉంటాయి. కోపం, దుఃఖం ఆ తర్వాత విడివడతాయి, భయం, ఆశ్చర్యం ఇంకా ఆలస్యంగా. ఫ్రాన్సిస్కో పోన్స్, పాల్ హారిస్ చేసిన పరిశీలనల్లో, పైకి కనిపించే ముఖాన్నీ దాని వెనకటి సంఘటననూ ఐదేళ్లకు గుర్తించే పిల్లలు, ఒకేసారి రెండు భావాలు ఉండగలవని ఒప్పుకునేది ఎనిమిది తొమ్మిదేళ్ల వైపు. పండుగకు అమ్మ తిరిగి వస్తే నాయనమ్మ కొంగు చాటున దాక్కునే ఐదేళ్ల పిల్లలో సంబురమూ అలుకా రెండూ ఉంటాయి, చెప్పడానికి మాత్రం ఒక్క మాటే వస్తుంది. కాబట్టి ఎవరో తిరిగి వచ్చే కార్డు పడినప్పుడు రెండు ముఖాలు పెట్టొచ్చని నియమంలోనే రాసుకోవాలి. ఏ ముఖం ముందు పెట్టాలో పిల్ల ఇష్టం. రెండూ పెడితే, వాటిలో ఏది నిజమని టీచర్ అడగకూడదు.