ప్రజావేగుల రక్షణ: విధాన పత్రంలోని మాటలే కవచం

సంస్థలో జరుగుతున్న అవినీతిని చూసిన ఉద్యోగి దాన్ని ఎవరికి చెప్పాలి? చెప్పిన తరువాత తన పేరు బయటికి పొక్కకుండా ఎవరు కాపాడతారు? ‘విజిల్ బ్లోయర్ పాలసీ’ పేరిట సంస్థలు ప్రకటించే పత్రాలు సమాధానం చెప్పవలసింది ఈ రెండు ప్రశ్నలకే. విజిల్ బ్లోయర్లనే తెలుగు పత్రికలు ప్రజావేగులని వ్యవహరిస్తున్నాయి. వీరి రక్షణకు పార్లమెంటు 2014లో చట్టం చేసినా అది ఇంతవరకు అమలులోకి రాలేదు. అందువల్ల ఫిర్యాదుదారుకు దక్కే భద్రత చాలావరకు ప్రభుత్వ తీర్మానంలోని, సంస్థల విధాన పత్రాల్లోని వాక్యాల మీదే ఆధారపడి ఉంది.

ఒక లేఖ నేర్పిన పాఠం

స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని ఇంజనీరు సత్యేంద్ర దూబే 2002 నవంబరులో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. అప్పుడు ఆయన జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ తరఫున ఝార్ఖండ్‌లోని కోడెర్మాలో పనిచేస్తున్నారు. తన వివరాలను విడి కాగితంపై జతచేసి, పేరును గోప్యంగా ఉంచాలని కోరారు. అయితే ఆ లేఖ ఆయన వివరాలతో సహా ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి చేరింది. 2003 నవంబరు 27న బిహార్‌లోని గయలో దూబే కాల్పులకు బలయ్యారు. అది దోపిడీ యత్నంలో జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. 2010లో ముగ్గురికి శిక్ష పడింది. హత్యకు కారణం ఏదైనా, గోప్యత కోరిన లేఖ గోప్యంగా నిలవలేదన్న వాస్తవం దేశాన్ని కలచివేసింది.

సుప్రీంకోర్టు జోక్యం తరువాత కేంద్ర ప్రభుత్వం 2004 ఏప్రిల్ 21న ఒక తీర్మానం జారీ చేసింది. దాన్ని ‘పిఐడిపిఐ తీర్మానం’ అంటారు. ప్రజాప్రయోజనం కోసం సమాచారం వెల్లడించడం, వెల్లడించిన వారిని రక్షించడం దీని ఉద్దేశం. ఫిర్యాదులను స్వీకరించే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించారు. 2013 సవరణతో మంత్రిత్వ శాఖల ముఖ్య విజిలెన్స్ అధికారులకు కూడా ఆ అధికారం లభించింది.

కవరు పైన ఒకటి, లోపల మరొకటి

దూబే లేఖ విషయంలో జరిగిన పొరపాటును నివారించేలా ఈ పద్ధతిని రూపొందించారు. ఫిర్యాదును మూసిన కవరులో కమిషన్ కార్యదర్శి పేరిట పంపాలి. కవరు పైన ‘కంప్లయింట్ అండర్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్’ అని గానీ, ‘పిఐడిపిఐ’ అని గానీ స్పష్టంగా రాయాలి. ఆ మాట లేకపోతే లేఖను మామూలు ఫిర్యాదుగానే పరిగణిస్తారు, గోప్యత రక్షణ వర్తించదు. పంపినవారి పేరు, చిరునామా కవరు మీద ఉండకూడదు, లోపలి లేఖలో మాత్రం తప్పనిసరిగా ఉండాలి. ఇటువంటి కవర్లపై పంపినవారి వివరాలకోసం పట్టుపట్టరాదని తపాలా కార్యాలయాలకు ఆదేశాలు ఉన్నాయి.

పేరు దాచడం వేరు, పేరు లేకపోవడం వేరు. ఆకాశరామన్న ఉత్తరాలను ఈ పద్ధతిలో స్వీకరించరు. లేఖ రాసినది నిజంగా ఆ వ్యక్తేనా అని కమిషన్ ముందుగా నిర్ధారించుకుంటుంది. ఆ తరువాత పేరును తొలగించి, మిగిలిన అంశాలనే విచారణకు పంపుతుంది. గోప్యత దృష్ట్యా రసీదు పంపదు.

పేరు తీసేసినా మనిషి తెలిసిపోతే

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ గిడ్డంగిలో ఒక గుమాస్తా పనిచేస్తున్నారు. ఒక లారీ ఇనుముకు బిల్లులో 40 టన్నులని ఉంది, కాటా చీటీలో 31 టన్నులే ఉంది. ‘ఆ బిల్లుపై సంతకం చేయడానికి నేను నిరాకరించాను’ అని ఆయన ఫిర్యాదులో రాశారనుకుందాం. కమిషన్ పేరు తొలగించినా ప్రయోజనం ఉండదు. నిరాకరించింది ఎవరో గిడ్డంగిలో అందరికీ తెలుసు.

అదే సంగతిని మరోలా చెప్పవచ్చు. బిల్లు సంఖ్య, తేదీ, లారీ సంఖ్య ఇచ్చి, బిల్లును కాటా రిజిస్టరుతో సరిపోల్చాలని రాస్తే చాలు. సాక్ష్యం పత్రాల్లోనే ఉంది కాబట్టి ఫిర్యాదుదారు కనిపించనక్కర్లేదు. విచారణాధికారి కూడా ఆ ఒక్క చీటీని అడగకుండా మూడు నెలల రికార్డులను కలిపి తెప్పించుకుంటే అనుమానం ఎవరిమీదకూ పోదు. ఫిర్యాదు ప్రతులను ఇతర కార్యాలయాలకు పంపినా, సమాచార హక్కు కింద తన పేరిటే పత్రాలు సేకరించి జతచేసినా గోప్యత దానంతటదే సడలిపోతుంది.

కంపెనీలకు వర్తించేది వేరు

ఈ తీర్మానం కేంద్ర ప్రభుత్వానికి, దాని అధీనంలోని సంస్థలకే పరిమితం. రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగులు, ప్రైవేటు సంస్థలు దీని పరిధిలోకి రావు. ప్రైవేటు రంగానికి 2013 కంపెనీల చట్టంలోని 177వ సెక్షన్ ఆధారం. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు స్వీకరించేవి, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి రుణం తీసుకున్నవి ఫిర్యాదు యంత్రాంగాన్ని ఏర్పాటు చేయాలి. అవసరమైన సందర్భాల్లో ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ణి నేరుగా కలిసే వీలు కల్పించాలి. ఫిర్యాదుదారును వేధించకుండా తగిన రక్షణ ఉండాలి. అయితే ఆ రక్షణ ఎలా ఉండాలో చట్టం విడమరచి చెప్పలేదు. ఆ ఖాళీని పూరించవలసింది కంపెనీ విధాన పత్రమే.

అందుకే పత్రంలోని వాక్యాలను జాగ్రత్తగా చదవాలి. ‘వివరాలు వీలైనంత మేరకు గోప్యంగా ఉంచబడతాయి’ అన్న వాక్యం ఎవరినీ కట్టడి చేయదు. ‘ఫిర్యాదుదారు పేరు ఆడిట్ కమిటీ అధ్యక్షునికి మాత్రమే తెలుస్తుంది, చట్టం కోరితే తప్ప, లిఖితపూర్వక సమ్మతి లేకుండా మరెవరికీ వెల్లడించరాదు, వెల్లడించినవారిపై క్రమశిక్షణ చర్య ఉంటుంది’ అన్నప్పుడు బాధ్యత ఎవరిదో తేలుతుంది. ఫిర్యాదు అందవలసిన అధికారిపైనే ఆరోపణ ఉంటే ఎవరికి పంపాలో కూడా పత్రం చెప్పాలి. ఆ రెండో దారి లేని విధానం మొదటి పరీక్షలోనే విఫలమవుతుంది.

కక్షసాధింపు అంటే ఏమిటి?

ప్రతీకారం సాధారణంగా తొలగింపు ఉత్తర్వుగా రాదు. దూర ప్రాంతానికి బదిలీ, పనితీరు నివేదికలో తక్కువ మార్కులు, ఇంక్రిమెంటు నిలిపివేత, కాంట్రాక్టు పునరుద్ధరించకపోవడం, పని ఏదీ అప్పగించకుండా కూర్చోబెట్టడం దాని రూపాలు. ప్రతిదానికీ పాలనాపరమైన కారణం చూపవచ్చు. కాబట్టి మంచి విధానం వీటిని పేరుపేరునా పేర్కొంటుంది. ఫిర్యాదు తరువాత నిర్ణీత కాలంలో ఇటువంటి చర్య తీసుకుంటే, దానికి ఫిర్యాదుతో సంబంధం లేదని నిరూపించవలసిన భారం యాజమాన్యానిదేనని చెబుతుంది. అమలుకు నోచుకోని 2014 చట్టంలోనూ నిరూపణ భారం అధికార సంస్థపైనే ఉంది. పేరు వెల్లడించినవారికి మూడేళ్ల వరకు జైలు శిక్షను కూడా ఆ చట్టం నిర్దేశించింది.

రక్షణకు హద్దు కూడా ఉంది. దురుద్దేశంతో అబద్ధమని తెలిసీ చేసే ఆరోపణకు రక్షణ లభించదు. కానీ నిజమని నమ్మి చేసిన ఫిర్యాదు విచారణలో రుజువు కాకపోవడం వేరు. ఈ రెండింటినీ ‘తప్పుడు ఫిర్యాదు’ అనే ఒకే మాటతో కలిపేసే పత్రం, ఫిర్యాదుదారుకు అభయం ఇవ్వడానికి బదులు హెచ్చరిక చేస్తున్నట్లే లెక్క.