టెండర్ ఓటు

మనలో చాలామంది ఎన్నికల డ్యూటీ చేసినవారే. 1983 జనవరి 5న శాసనసభ ఎన్నికలకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని బూత్‌లో నేను మొదటి పోలింగ్ అధికారిని. కొత్త గుమాస్తాను.

మధ్యాహ్నం తార్నాక నుండి ఒక ముసలమ్మ వచ్చింది. జాబితాలో ఆమె పేరు కింద అప్పటికే గీత ఉంది; వేలికి మాత్రం సిరా లేదు. ఆ గీత గీసింది నేనే.

"పంపించేయండి సార్, రాస్తే మీకే మాట వస్తది" అన్నాడు ఒక ఏజెంటు.

జరిగినది ప్రిసైడింగ్ అధికారికి చెప్పాను. ఆయన ఆమె భర్త పేరు, ఇంటి నంబరు అడిగి సరిచూశారు. కట్టలో చివరి బ్యాలెట్ తీసి, వెనుక టెండర్ బ్యాలెట్ అని స్వయంగా రాసి, వేరే జాబితాలో వేలిముద్ర వేయించి ఇచ్చారు. ఆమె ఓటు పెట్టెలోకి కాక కవరులోకి వెళ్లింది. మామూలు లెక్కింపులో అది కలవదు. ఎన్నికపై వివాదం కోర్టుకు వెళ్తేనే పనికొస్తుంది. అది దాచకుండా చెప్పాను.

"నా పేరు మీద ఇంకెవరో ఏసిండ్రని రాసిండ్రు గద, చాలు బిడ్డా" అంది.

ఆ జాబితాలో నా పొరపాటు కూడా ఉంది.